ఫోన్‌లో వచ్చిన బీమ్ ఫోటోకి షియర్ ఫోర్స్, బెండింగ్ మూమెంట్ డయాగ్రమ్‌లు ఎలా గీయాలి

మొన్న రాత్రి తొమ్మిదిన్నరకు మా మేనల్లుడు కావలి నుంచి వాట్సాప్‌లో ఒక ఫోటో పంపాడు. వాడిది డిప్లొమా సివిల్. ఫోటోలో జిరాక్స్ కాగితం, దాని మీద ఒక సింప్లీ సపోర్టెడ్ బీమ్. కింద ఒక మెసేజ్: "మామా, రేపు పొద్దునకి గీసుకుపోవాల. రియాక్షన్లు బాగానే వచ్చినాయి. బెండింగ్ మూమెంట్ మాత్రం చివర్లో సున్నా రాకుండా మైనస్ 40 వస్తా ఉంది. ఏంది కత?"

ఒంగోల్లో మా ఇంట్లో భోంచేసి కూర్చున్నాను, ఖాళీగానే ఉన్నాను. ఆ రాత్రి ఫోన్‌లో వాడికి చెప్పిందే ఇక్కడ వరసగా రాస్తున్నాను. మీ దగ్గర ఉన్న ఫోటోలో అంకెలు వేరుగా ఉంటాయి. పద్ధతి మాత్రం ఇదే. ఒక కాగితం, పెన్సిలు పక్కన పెట్టుకొని చదివితే తేలిగ్గా ఉంటుంది.

ముందు ఫోటోని పక్కన పెట్టి, బీమ్ మళ్ళీ గీయండి

ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి చూస్తూ నేరుగా లెక్కలోకి దిగిపోతారు చాలామంది. అక్కడే సగం తప్పులు పుడతాయి. లెక్క మొదలుపెట్టే ముందు బీమ్‌ని మీ చేత్తో మళ్ళీ గీయండి. గీసేటప్పుడు ప్రతి గుర్తునీ విడిగా చూడాల్సి వస్తుంది, ఏది సరిగా కనపడడం లేదో అప్పుడే తెలుస్తుంది.

మొదట కొలతలు చూడండి. వాడి ఫోటోలో బీమ్ కింద ఎడమ నుంచి 4 మీటర్లు, 1 మీటరు, తర్వాత కాగితం మడత పడిన చోట ఒక అంకె మాయం, చివర 2 మీటర్లు ఉన్నాయి. వాటి కింద మొత్తం పొడవు 8 మీటర్లు అని ఉంది. మొత్తంలోంచి మిగతావి తీసేస్తే మడతలో పోయింది 1 మీటరు. ఇక్కడ స్కేలు పెట్టి కొలిచి ఊహించడం పనికిరాదు. ఫోన్ కొంచెం వంచి పట్టుకుంటే దగ్గరున్న వైపు పెద్దదిగా, దూరంగా ఉన్న వైపు చిన్నదిగా పడుతుంది. అదీగాక ప్రశ్నపత్రాల్లో బొమ్మలు అసలు స్కేలుకే గీయరు. అన్ని అంకెలూ కనిపించినా సరే, కూడి మొత్తంతో సరిచూసుకోండి. 3, 8 జిరాక్స్‌లో ఒకదానిలా ఒకటి కనిపిస్తాయి.

తర్వాత లోడ్లు. ఎడమ సపోర్టు A నుంచి 4 మీటర్ల దాకా యూడీఎల్, పక్కన 15 kN/m అని ఉంది. యూడీఎల్ దగ్గర రెండు సంగతులు చూడాలి. ఒకటి, అది సరిగ్గా ఎక్కడ ఆగిపోతోంది. చివరి బాణం కింద కొలత గీత ఉందా లేదా? రెండు, అంకె వెనక "/m" ఉందా లేదా. అది మడతలో పోతే మీటరుకు 15 అనేది మొత్తం 15 అయిపోతుంది, లోడు నాలుగో వంతుకి పడిపోతుంది. అనుమానం వస్తే ఆ లోడు నిజంగా ఏమై ఉండొచ్చో ఒకసారి ఆలోచించండి. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ మూడు మీటర్ల ఎత్తు కడితే మీటరు పొడవుకి సుమారు 14 కిలోన్యూటన్లు పడుతుంది. కాబట్టి మీటరుకు 15 అంటే మామూలుగా కనిపించే సంఖ్యే.

A నుంచి 6 మీటర్ల దగ్గర 30 కిలోన్యూటన్ల పాయింట్ లోడ్ ఉంది. ఇది ఎంత బరువో తెలియాలంటే, చీమకుర్తి నల్ల గ్రానైటు రాయి ఒక ఘనమీటరు తీసుకుంటే దాదాపు మూడు టన్నులు ఉంటుంది. అలాంటి రాయి ఒకటి బీమ్ మీద ఒకే చోట కూర్చుందనుకోండి.

ఇక మిగిలింది 5 మీటర్ల దగ్గర ఒక గుండ్రటి బాణం, పక్కన 20 kN·m. అది కపుల్. పైకీ కిందికీ నెట్టదు, బీమ్‌ని అక్కడ పట్టుకొని మెలిపెట్టినట్టు తిప్పుతుంది. ఎటు తిప్పుతుందో చెప్పేది బాణం మొన ఒక్కటే. వాడి ఫోటోలో సరిగ్గా ఆ మొన దగ్గరే జిరాక్స్ మసి. చూస్తే క్లాక్‌వైజ్ లాగే ఉంది గానీ నాకు నమ్మకం కుదరలేదు. "ఒరే, ఫ్లాష్ తీసేసి, ఆ ముక్క ఒక్కటే దగ్గరగా తీసి పంపు" అన్నాను. ఆ కాగితం ఫ్రెండ్ రూములో ఉందట, తెచ్చి తీస్తానన్నాడు. అంతదాకా ఆగకుండా క్లాక్‌వైజ్ అనుకొని లెక్క చేద్దాం, కానీ ఆ మాట కాగితం మూలన రాసిపెట్టుకో అన్నాను. మీరూ అలాగే చేయండి. అనుమానంతో చదివిన ప్రతి గుర్తునీ పక్కన రాసుకోవాలి. లెక్కలో మునిగాక అది అనుమానం అన్న సంగతే మర్చిపోతాం.

సపోర్టులు రెండే, చెరో చివర. A త్రిభుజం, B గుండ్రటి రోలర్. లోడ్లన్నీ నిలువుగానే ఉన్నాయి కాబట్టి ఏది పిన్, ఏది రోలర్ అన్నది ఈ లెక్కలో తేడా చేయదు. వాలుగా ఉన్న బాణం ఒక్కటి కనపడినా అప్పుడు చేస్తుంది. ఇంకొకటి, బీమ్ అంచు ఫోటోలో తెగిపోయి ఉంటే సపోర్టు అవతల ఇంకా బీమ్ ఉందేమో అడగండి. అవతల ఒక మీటరు బయటికి ఉంటే అది ఓవర్‌హ్యాంగ్ బీమ్ అవుతుంది, లెక్క వేరు.

మళ్ళీ గీసిన బొమ్మ మీద పేర్లు పెట్టుకోండి: A సున్నా దగ్గర, C యూడీఎల్ ఆగిన 4 మీటర్ల దగ్గర, D కపుల్ ఉన్న 5 దగ్గర, E పాయింట్ లోడ్ ఉన్న 6 దగ్గర, B చివర 8 దగ్గర.

రియాక్షన్లు

యూడీఎల్ మొత్తం 15 × 4 = 60 కిలోన్యూటన్లు. అది తన పొడవులో సగం దగ్గర, అంటే A నుంచి 2 మీటర్ల దగ్గర పనిచేసినట్టు తీసుకుంటాం. ఇప్పుడు A చుట్టూ మూమెంట్లు రాయండి. కిందికి నొక్కే లోడ్లు రెండూ A చుట్టూ బీమ్‌ని క్లాక్‌వైజ్‌గా తిప్పుతాయి. మన కపుల్ కూడా క్లాక్‌వైజే కాబట్టి వాటి పక్షానే చేరుతుంది. వాటికి ఎదురు నిలబడేది B దగ్గర రియాక్షన్ ఒక్కటే.

```
RB × 8 = (60 × 2) + (30 × 6) + 20 = 320
RB = 40 kN
RA = 60 + 30 − 40 = 50 kN
```

కపుల్‌ని ఇక్కడ దూరంతో గుణించకూడదు. 20 × 5 అని రాసేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. అది ఇప్పటికే మూమెంటు, దాన్ని 20గానే కలపాలి. కపుల్ బీమ్ మీద ఎక్కడున్నా రియాక్షన్లు ఇవే వస్తాయి కూడా. అది చేసే పనల్లా 20 ÷ 8 = 2.5 కిలోన్యూటన్లను A మీదనుంచి తీసి B మీద వేయడమే. కపుల్ లేకపోతే రియాక్షన్లు 52.5, 37.5 వచ్చేవి. ఉన్నందుకు 50, 40 అయ్యాయి.

మేనల్లుడికీ 50, 40 వచ్చాయి. అంటే ఇక్కడిదాకా వాడి లెక్క నా లెక్కా ఒకటే.

షియర్ ఫోర్స్ డయాగ్రమ్

ఎడమ చివర నుంచి నడుచుకుంటూ పోతున్నట్టు గీయడం తేలికైన పద్ధతి. పైకి నెట్టే బలం వస్తే పైకి ఎక్కండి, కిందికి నొక్కే లోడ్ వస్తే అంత దిగండి, ఏమీ లేని చోట తిన్నగా పోండి.

A దగ్గర ఒక్కసారిగా 50 పైకి. అక్కడినుంచి యూడీఎల్ మీటరుకు 15 చొప్పున దించుతుంది. నాలుగు మీటర్లలో 60 దిగితే C దగ్గర 50 − 60 = −10. ఈ దిగడం ఏటవాలు గీత. రియాక్షన్ల కోసం యూడీఎల్‌ని 2 మీటర్ల దగ్గర ఒకే 60గా తీసుకున్నాం కదా అని, డయాగ్రమ్‌లో కూడా 2 మీటర్ల దగ్గర 60 నిలువుగా దించేస్తారు కొందరు. ఆ 60 రియాక్షన్ల లెక్కకి పెట్టుకున్న బొమ్మ మాత్రమే. డయాగ్రమ్ గీసేటప్పుడు లోడు నాలుగు మీటర్లకీ పరుచుకునే ఉంటుంది.

C నుంచి E దాకా నిలువు లోడు లేదు. −10 దగ్గరే తిన్నగా పోతుంది. మధ్యలో D దగ్గర కపుల్ ఉన్నా షియర్‌లో ఏ మార్పూ ఉండదు, అది నిలువు బలం కాదు కాబట్టి. E దగ్గర 30 కిందికి, −40. అక్కడినుంచి B దాకా −40, B దగ్గర రియాక్షన్ 40 పైకి ఎత్తితే సున్నా. షియర్ మూసుకుంది.

A, C మధ్య గీత +50 నుంచి −10కి దిగేటప్పుడు ఒక చోట సున్నాని దాటుతుంది. ఆ చోటు తర్వాత కావాలి కాబట్టి ఇప్పుడే తీసిపెట్టుకోండి. 50ని మీటరుకు 15 చొప్పున ఖర్చు పెడితే 50 ÷ 15 = 3.33 మీటర్ల దగ్గర అయిపోతుంది.

బెండింగ్ మూమెంట్ డయాగ్రమ్

ఇక్కడ కూడా ఎడమ నుంచే నడుద్దాం. సాగింగ్ ప్లస్, అంటే బీమ్ మధ్యలో కిందికి జారి నవ్వుతున్నట్టు వంగితే ప్లస్. ప్లస్‌ని గీతకి పైన గీద్దాం, మన పాలిటెక్నిక్‌లలో ఎక్కువగా అలాగే గీయిస్తారు. కాంక్రీటు డిజైన్ చేసే ఇంజినీర్లు కొందరు టెన్షన్ ఉన్న వైపు, అంటే కింద గీస్తారు. బొమ్మ తిరగబడుతుంది, అంకెలు అవే.

గుర్తుంచుకోవాల్సిన సూత్రం ఒకటే. రెండు పాయింట్ల మధ్య షియర్ డయాగ్రమ్‌లో ఎంత వైశాల్యం ఉందో, మూమెంటు అంత మారుతుంది. వైశాల్యం సున్నా గీతకి పైన ఉంటే పెరుగుతుంది, కింద ఉంటే తగ్గుతుంది. కపుల్ ఉన్న చోట మాత్రం ఈ వైశాల్యంతో సంబంధం లేకుండా మూమెంటు ఒక్కసారిగా గెంతుతుంది.

A దగ్గర సున్నా. అక్కడినుంచి 3.33 మీటర్ల దాకా షియర్ ఒక త్రిభుజం, వైశాల్యం సగం × 50 × 3.33 = 83.33. మూమెంటు 83.33 అయ్యింది. అక్కడినుంచి C దాకా సున్నా గీత కింద చిన్న త్రిభుజం, సగం × 10 × 0.67 = 3.33. అంత తగ్గి C దగ్గర 80. ఇంకో దారిలో సరిచూడండి: 50 × 4 − 60 × 2 = 80. సరిపోయింది.

C నుంచి D ఒక మీటరు, షియర్ −10. మూమెంటు 80 నుంచి 70కి వస్తుంది. ఇది D కి సరిగ్గా ఎడమ పక్కన.

ఇప్పుడు కపుల్. గెంతు పైకా, కిందికా? మా వాడు తప్పింది ఇక్కడే. క్లాక్‌వైజ్ అంటే "కుడికి తిరిగి కిందికి" అని అనిపించి 20 తగ్గించాడు. అలా ఊహించకుండా ఇలా ఆలోచించండి. D దాటగానే బీమ్‌ని కోసి ఎడమ ముక్కని మాత్రమే చూడండి. A దగ్గర పైకి నెట్టే రియాక్షన్ ఈ కోత చుట్టూ ముక్కని క్లాక్‌వైజ్‌గా తిప్పుతుంది. రియాక్షన్ వల్ల వచ్చే మూమెంటుని మనం ప్లస్ అన్నాం కదా, 50 × 4 అని. అలాంటప్పుడు ఎడమ ముక్కలో ఉన్న క్లాక్‌వైజ్ కపుల్ కూడా ప్లస్సే కావాలి. రియాక్షన్ తిప్పే వైపే తిప్పేదానికి వేరే గుర్తు ఎలా పెడతాం?

కాబట్టి D దగ్గర 70 నుంచి 20 పైకి, 90. ఇది D కి సరిగ్గా కుడి పక్కన. అక్కడినుంచి E ఒక మీటరు, షియర్ −10, అంటే 80. E నుంచి B రెండు మీటర్లు, షియర్ −40, అంటే 80 తగ్గి సున్నా. మూసుకుంది.

కుడి వైపు నుంచి కూడా ఒకసారి చూడండి, అర నిమిషం పని. D కి కుడి పక్కన కోసి కుడి ముక్క చూస్తే 40 × 3 − 30 × 1 = 90. అదే వచ్చింది.

గరిష్ఠం ఎక్కడ?

"షియర్ సున్నా అయిన చోట బెండింగ్ మూమెంటు గరిష్ఠం" అని అందరికీ నోటికి వచ్చేసి ఉంటుంది. దాన్ని పట్టుకొని 3.33 మీటర్ల దగ్గర 83.33 అని గీత కింద రెండు గీతలు కొట్టి లేచిపోతారు. ఈ బీమ్‌లో అది తప్పు. గరిష్ఠం D కి కుడి పక్కన 90.

ఆ వాక్యం అబద్ధం కాదు, సగమే. మూమెంటు నున్నగా పెరిగి తగ్గే చోట శిఖరం ఉంటే అక్కడ షియర్ సున్నా అవుతుంది, లేదా పాయింట్ లోడ్ దగ్గర గుర్తు మారుతుంది. కానీ కపుల్ దగ్గర మూమెంటు నడవదు, గెంతుతుంది. గెంతి పైకెక్కిన చోట షియర్ ఎంత ఉన్నా అక్కడే ఎక్కువ కావచ్చు. అందుకని కపుల్ ఉన్న ప్రతి లెక్కలో షియర్ సున్నా దగ్గర విలువనీ, ప్రతి కపుల్‌కి రెండు పక్కలా ఉన్న విలువల్నీ పక్కపక్కన రాసి పోల్చండి. ఇక్కడ 83.33, 70, 90. పెద్దది 90. దీన్ని వదిలేస్తే మూమెంటు ఏడు శాతం పైగా తక్కువ చూపించినట్టు. పరీక్షలో అయితే మార్కులు పోతాయి, సైటులో అయితే ఆ విలువ మీదే కమ్మీ ఎంత వేయాలో లెక్క కడతారు.

చివర్లో సున్నా రాకపోతే, మిగిలింది ఎంతో చూడండి

మా వాడికి −40 వచ్చింది. "ఎక్కడో తప్పింది" అని మొదటి నుంచి మూడుసార్లు చేశాడట, మూడుసార్లూ −40. అది తప్పు ఎక్కడుందో చెప్తోంది, వాడు వినలేదు. కపుల్ 20. దానికి రెట్టింపు 40. రియాక్షన్లలో క్లాక్‌వైజ్‌గా కలిపి, డయాగ్రమ్‌లో యాంటీ క్లాక్‌వైజ్‌గా దించితే తేడా రెండు కపుల్స్ అంత వస్తుంది. D దగ్గర 70 నుంచి 50కి దిగాడు, E దగ్గర 40, B దగ్గర −40.

మిగిలింది −20 అయి ఉంటే వేరే సంగతి. రియాక్షన్లలో కపుల్ కలిపాడు, డయాగ్రమ్‌లో గెంతు వేయడం మర్చిపోయాడు. +20 మిగిలితే దానికి తిరగబడ్డ తప్పు, గెంతు వేశాడు గానీ రియాక్షన్లలో కపుల్‌ని వదిలేశాడు. ఈ మూడూ ఎడమ నుంచి కుడికి నడిచే వాళ్ళకి, క్లాక్‌వైజ్ కపుల్‌కి. కపుల్ ఎదురు దిశలో ఉంటే గుర్తులు మారతాయి, పరిమాణాలు మారవు. కాబట్టి చివర మిగిలిన సంఖ్యని చెరిపేయకుండా, అది కపుల్‌కి సమానమా, రెట్టింపా అని ముందు చూడండి.

వాడికి ఈ మాట చెప్పగానే, "అయితే మామా, రియాక్షన్లు మార్చేస్తే పోద్ది కదా, కిందికి దించిందాన్ని అట్టనే ఉంచి?" అన్నాడు. తెలివైన ప్రశ్న, ప్రమాదకరమైన ప్రశ్న. ఆ పని చేసి చూద్దాం. కపుల్ యాంటీ క్లాక్‌వైజ్ అనుకోండి:

```
RB × 8 = 120 + 180 − 20 = 280
RB = 35 kN,  RA = 55 kN
```

షియర్: A దగ్గర 55, C దగ్గర −5, E దాటాక −35, B దగ్గర సున్నా. మూసుకుంది. మూమెంటు: C దగ్గర 100, D కి ఎడమన 95, కుడిన 75, E దగ్గర 70, B దగ్గర 70 − 35 × 2 = 0. ఇదీ మూసుకుంది. అంకెలు కూడా చక్కగా గుండుగానే ఉన్నాయి. గరిష్ఠం మాత్రం ఇప్పుడు 3.67 మీటర్ల దగ్గర 100.83. అదే బీమ్, అవే లోడ్లు, బాణం మొన ఒక్కటి తిప్పితే గరిష్ఠ విలువా మారింది, అది పడే చోటూ మారింది.

అందుకే ఫోటో దగ్గర అంతసేపు కూర్చోబెట్టాను. చివర్లో సున్నా వచ్చిందంటే మీరు రాసుకున్న లోడ్లతో మీ కూడికలు సరిగ్గా ఉన్నాయని మాత్రమే అర్థం. ఆ లోడ్లు ఫోటోలో ఉన్నవేనా అన్నది సున్నా చెప్పదు. కపుల్ D దగ్గర కాక C దగ్గర ఉందని చదివినా అంతే. రియాక్షన్లు మారవు, అన్నీ మూసుకుంటాయి, గరిష్ఠం 90కి బదులు 100 అవుతుంది. నేను చదువుకునే రోజుల్లో ఒక పరీక్షలో కపుల్‌ని ఇలాగే తిరగేసి చదివాను. రెండు డయాగ్రమ్‌లూ చక్కగా సున్నాకి వచ్చాయి. అరగంట ముందే పేపరిచ్చి బయటికొచ్చి టీ తాగాను. తర్వాత పక్క వాడి జవాబు విన్నాక ఆ టీ గొంతులో అడ్డం పడినట్టయింది.

కాగితం మీద పెట్టడం

గ్రాఫ్ కాగితం నిలువుగా పెట్టుకోండి. పైన బీమ్, దాని కింద షియర్, దాని కింద మూమెంటు, మూడూ ఒకే పొడవులో, ఒకదాని కింద ఒకటి. మీటరుకు 2 సెంటీమీటర్లు తీసుకుంటే బీమ్ 16 సెంటీమీటర్లు వస్తుంది. షియర్‌కి 10 కిలోన్యూటన్లు 1 సెంటీమీటరు, మూమెంటుకి 20 కి 1 సెంటీమీటరు చాలు. A, C, D, E, B ల దగ్గర, 3.33 దగ్గర పైనుంచి కిందిదాకా సన్నగా పెన్సిలు గీతలు దించండి. షియర్ సున్నా దాటిన చోటికి సరిగ్గా కింద మూమెంటు వంపు శిఖరం పడకపోతే ఆ గీత మీదే కనిపించిపోతుంది.

A నుంచి C దాకా మూమెంటు తిన్నని గీత కాదు, వంపు. చేతి వాటంగా లాగేయకుండా మూడు చుక్కలు పెట్టుకోండి: 1 మీటరు దగ్గర 42.5, 2 దగ్గర 70, 3 దగ్గర 82.5. ఆ తర్వాత 3.33 దగ్గర 83.33, C దగ్గర 80. వంపు బోర్లించిన గిన్నెలా ఉండాలి. మొదట నిటారుగా ఎక్కి, పైకి పోయేకొద్దీ వాలు తగ్గుతుంది, ఎందుకంటే షియర్ 50 నుంచి తగ్గుతూ వస్తోంది. దీన్ని తిరగేసి, ఉయ్యాల తాడులా కిందికి వేలాడేసి గీసేవాళ్ళు ఎక్కువ. అలా గీస్తే పైన పెట్టుకున్న చుక్కలే ఒప్పుకోవు.

C దగ్గర వంపు అయిపోయి తిన్నని గీత మొదలవుతుంది. అక్కడ పాయింట్ లోడ్ లేదు కాబట్టి మూల తిరగకూడదు, వంపు నున్నగా గీతలో కలిసిపోవాలి. E దగ్గర మాత్రం 30 కిలోన్యూటన్ల లోడ్ ఉంది, అక్కడ మూల స్పష్టంగా కనపడాలి. D దగ్గర నిలువు గీత, 70 నుంచి 90కి. దానికి రెండు పక్కలా ఉన్న ఏటవాలు గీతలు ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, రెండు చోట్లా షియర్ −10 కాబట్టి. పేపర్లు దిద్దేటప్పుడు నా కన్ను ముందు పోయేది ఆ సమాంతర గీతల మీదికే. అవి సమాంతరంగా లేకపోతే ఆ పిల్లవాడు అంకెలు ఎక్కడినుంచో తెచ్చుకొని చుక్కలు కలిపాడని తెలిసిపోతుంది.

పదిన్నర దాటాక రెండో ఫోటో వచ్చింది. ఫ్లాష్ లేకుండా, ఆ బాణం ఒక్కటే, పక్కన పెన్ను మొన పెట్టి మరీ తీశాడు. క్లాక్‌వైజే. మూలన రాసుకున్న మాటని కొట్టేయమన్నాను. వాడు గీయడం మొదలుపెట్టి పది నిమిషాల్లో మళ్ళీ ఫోన్ చేశాడు. "మామా, D దగ్గర విలువ ఏం రాసేది? 70 ఆ, 90 ఆ?"

"రెండూ రాయి రా. నిలువు గీతకి కింది కొస ఎడమన 70, పై కొస కుడిన 90. 90 పక్కన గరిష్ఠం అని రాసి, A నుంచి 5 మీటర్లు, D కి కుడి పక్కన అని కూడా పెట్టు."